రాత్రి 2:14 ఫొటోలో ఉన్నది చిరుతా, వేరే జంతువా? చూసి చెప్పండి

తోట_గిద్దలూరు
అందరికీ నమస్కారం. మా మామిడితోట నల్లమల అంచుకు ఒక కిలోమీటరు దూరంలో ఉంది. నెల రోజుల్లో రెండు మేకపిల్లలు పోయాయి. కళేబరాలు దొరకలేదు. అందుకని ఒక ట్రెయిల్ కెమెరా కొని బాట పక్కన చెట్టుకు కట్టాను. నిన్న రాత్రి 2:14కు వరుసగా మూడు ఫొటోలు తీసింది. మొదటి దానిలో (IMG_0412.JPG) జంతువు పక్కకు తిరిగి వెళుతోంది. ఒళ్లు పొడుగ్గా, నేలకు దగ్గరగా, వెనక పెద్ద తోక. కన్ను గుండ్రంగా కాకుండా ట్యూబ్‌లైటు ముక్కలా పొడుగ్గా మెరుస్తోంది. రెండో దానిలో కెమెరా వైపే చూస్తోంది, రెండు కళ్లూ టార్చిలైట్లలా ఉన్నాయి, వెనక ఒళ్లు సరిగ్గా కనిపించడం లేదు. మూడోది ఖాళీ. ఊళ్లో చూపిస్తే అందరూ చిరుతే అంటున్నారు. మా కాపలా మనిషి తోటలో పడుకోనని చెప్పేశాడు. ఫొటోలు జతచేశాను.

అడవిబాట
చిరుతే, సందేహం లేదు. నేను ఇరవై ఏళ్లుగా అడవి పక్కన ఉన్నవాడిని. టార్చి వేస్తే కళ్లు ఆకుపచ్చ, పసుపు మధ్య మెరిస్తే పిల్లి జాతి, ఎర్రగా మెరిస్తే కుందేలో మరొకటో. మీ రెండో ఫొటోలో కళ్లు ఎంత తెల్లగా మండుతున్నాయో చూడండి. కళ్ల మధ్య ఎడం కూడా పెద్దదే. చిన్న జంతువుకు అంత ఎడం ఉండదు.

సందేహాల_సుబ్బయ్య
మాకూ ఇదే బాధ. రాత్రికి పది పదిహేను పందులు దిగి వేరుశనగ తవ్వేస్తున్నాయి. సోలారు కంచె వేయిస్తే ఆగుతాయా? ఎకరానికి ఎంత అవుతుంది?

చీకటికన్ను
సుబ్బయ్యగారూ, కంచె సంగతి వేరే చర్చగా మొదలుపెట్టండి, ఇక్కడ కలిసిపోతుంది.

గిద్దలూరు గారూ, నేను కొన్నేళ్లు కెమెరా ట్రాప్ సర్వేల్లో పనిచేశాను, ఇలాంటి ఫొటోలు వేలల్లో చూశాను. పేరు చెప్పే ముందు మూడు విషయాలు కావాలి. వాట్సాప్‌లో పంపగా తగ్గిపోయిన ఫొటో కాకుండా మెమరీ కార్డులోని అసలు ఫైలు పెట్టండి. కెమెరా ఎంత ఎత్తులో కట్టారో, ఆ జంతువు ఉన్న చోటు ఎంత దూరమో చెప్పండి. ఫైలు వివరాల్లో షట్టరు వేగం ఎంత చూపిస్తోందో కూడా రాయండి. ఫొటోలో జీపీఎస్ ఉంటే తీసేసి పెట్టండి. నిజంగా చిరుతే అయితే చోటు బయటపడటం దానికీ మంచిది కాదు, మీకూ కాదు.

అడవిబాట గారు చెప్పిన రంగుల లెక్క టార్చితో కొంతవరకు పనికొస్తుంది. ఈ ఫొటోకు మాత్రం అసలే వర్తించదు. ఈ రకం కెమెరాలో పగలు ఇన్‌ఫ్రారెడ్‌ను ఆపే చిన్న అద్దం ఒకటి సెన్సరు ముందు ఉంటుంది. చీకటి పడగానే అది పక్కకు జరుగుతుంది, ఫొటో నలుపు తెలుపు అయిపోతుంది. ఆకుపచ్చ కన్నయినా ఎర్రకన్నయినా ఇందులో పడేది తెల్ల చుక్కే. అది ఎంత మండుతోందన్నది జంతువు దూరాన్ని బట్టి, మన వైపు ఎంత సూటిగా చూసిందన్న దాన్ని బట్టి ఉంటుంది. జంతువు పెద్దదా చిన్నదా అన్నది దానితో తేలదు. దగ్గరికొచ్చిన ఇంటిపిల్లి కూడా టార్చిలైటులాగే కనిపిస్తుంది.

అడవిబాట
సరే, రంగు వదిలేద్దాం. ఎడం మాటేమిటి? చిరుత మొహం పెద్దది కాబట్టి కళ్ల మధ్య దూరమూ పెద్దదే అవుతుంది కదా.

చీకటికన్ను
ఆ మాట నిజమే. కానీ ఫొటోలో మనకు కనిపించేది అసలు దూరం కాదు. మూడు మీటర్ల దూరంలోని చిన్న మొహం, ఆరు మీటర్ల దూరంలోని పెద్ద మొహం ఒకే ఎడంతో పడతాయి. పైగా మెరుపు చుట్టూ పాకిపోయి కన్ను ఉబ్బినట్టుంటుంది. మొహం కాస్త పక్కకు తిరిగితే ఎడం తగ్గిపోతుంది. చిరుతకూ అడవిపిల్లికీ మధ్య తేడా ఏ కొన్ని సెంటీమీటర్లో. ఇన్ని దోషాల మధ్య ఆ తేడా నిలవదు. అందుకే నేను కళ్ల మధ్య ఎడం కంటే కన్ను నేల నుంచి ఎంత ఎత్తులో ఉందో, వీపు ఎంత ఎత్తులో ఉందో ముందు చూస్తాను.

తోట_గిద్దలూరు
అసలు ఫైళ్లు పెట్టాను. కెమెరా అయిదడుగుల ఎత్తులో కట్టి కొంచెం కిందికి వంచాను, దొంగలకు అందకుండా ఉంటుందని. జంతువు నడిచింది బాటలో చప్పిడి బండ పక్కన. అడుగులతో కొలిస్తే చెట్టు నుంచి సుమారు ఆరు మీటర్లు. షట్టరు 1/15 అని ఉంది. ఫొటో అడుగున పట్టీలో 31 డిగ్రీలు అని చూపిస్తోంది. తేదీ మాత్రం తప్పు, బ్యాటరీలు మార్చాక మళ్లీ పెట్టడం మరిచిపోయాను.

ప్రసూన_పశువైద్యం
ఒక చిన్న సంగతి కలుపుతాను. మెరుపు రావాలంటే కంటి లోపల, రెటీనా వెనక, అద్దంలాంటి పొర ఉండాలి. పిల్లి, కుక్క, నక్క, మేక, జింక, అన్నిటికీ ఉంది. పందికి లేదు. కాబట్టి సుబ్బయ్యగారి పొలంలో కెమెరా పెడితే, తల మన వైపున్నా కళ్లు వెలగని నల్లటి ముద్దలే ఎక్కువగా కనిపిస్తాయి. అప్పుడప్పుడు మసక చుక్క ఒకటి రావచ్చు, మనుషులకు ఫ్లాషులో ఎర్రకన్ను పడినట్టు. కళ్లు లేవు కాబట్టి తల అటు తిరిగి ఉందనుకోవడం అందరూ చేసే పొరపాటు.

మేకలు, జింకల కళ్లు తలకు పక్కల ఉంటాయి. అందుకే అవి వెనక్కి తిరిగి ఉన్నా ఒక్కోసారి ఒక కన్ను వెలుగుతుంది. మరో సంగతి, మేస్తున్న దుప్పి కళ్లు నేలకు జానెడు ఎత్తులో ఉంటాయి. అది చూసి పొట్టి జంతువు అనుకోకూడదు.

సందేహాల_సుబ్బయ్య
అమ్మా, మీరు చెప్పింది నిజమే. మా అబ్బాయి ఫోనులో తీసిన వీడియోలో పందులకు కళ్లే లేవు! మేం అవి వెనక్కి తిరిగాయనుకున్నాం.

చీకటికన్ను
గిద్దలూరు గారూ, ఒక పని చేయండి, అరగంట కూడా పట్టదు. మీటరున్నర వెదురు కర్రకు పది పది సెంటీమీటర్లకు తెల్ల టేపు చుట్టండి. కెమెరాను కదపకండి. మొదటి ఫొటోలో నేలమీద ఆనిన పాదం ఒకటి స్పష్టంగా ఉంది, బండకు ఎడమ పక్కన, ఎండిన కొమ్మ ముందు. సరిగ్గా ఆ చోట కర్ర నిలబెట్టి అదే కెమెరాతో ఫొటో తీయండి. రెండు ఫొటోలూ ఒకదానిపై ఒకటి పెడితే కొలతలు వాటంతటవే వస్తాయి.

చోటు ఎందుకు అంత కచ్చితంగా ఉండాలంటే, ఆరు మీటర్ల దగ్గర కర్ర ఒక మీటరు ముందుకో వెనక్కో పడితే కొలతలో ఆరో వంతు దాకా తేడా వస్తుంది.

ఇంకొకటి. ఆ ఒక్క పాదం స్పష్టంగా ఉండి మిగతా కాళ్లు మాయమైనట్టున్నాయి, గమనించారా? నేలమీద ఆనిన కాలు ఆ క్షణానికి కదలదు కాబట్టి అది పడుతుంది. గాలిలో ఊగే కాళ్లు సన్నగా ఉంటాయి, 1/15 సెకనులో చెదిరి వెనకున్న గడ్డిలో కలిసిపోతాయి. అందుకే ‘నేలకు దగ్గరగా’ ఉన్నట్టు మీకు అనిపించింది. అది పొట్టికాళ్ల జంతువు కానక్కర్లేదు. ఇలా కాళ్లు పోయిన కుక్కను చూసి ముంగిస అన్నవాళ్లూ ఉన్నారు. నేనే ఒకసారి అన్నాను.

డల్లాస్_రమణ
మా ఇంటి వెనక కూడా ఇలాగే అయింది. పెరటి కంచె పక్కన కెమెరాలో పెద్ద పిల్లి వచ్చిందని నేను, నక్కలాంటి కయోటీ అని పక్కింటాయన వాదించుకున్నాం. ఒళ్లంతా గీతలా సాగిపోయి ఉంది. తర్వాత వారం అదే చోట స్పష్టమైన ఫొటో పడింది, మొండితోక బాబ్‌క్యాట్. మొదటి ఫొటోలో తోక అనుకున్నది వెనక్కి సాగిన కాలట. ఇంతకీ ఆ రెండు ఫొటోల్లో జంతువు ఒకటేనా అన్నది మాత్రం ఇప్పటికీ తేలలేదు. పక్కింటాయన తన కయోటీని వదలడం లేదు.

తోట_గిద్దలూరు
కర్ర ఫొటో తీశాను, జతచేశాను. మా ఆవిడ పట్టుకుని నిలబడింది, ఊరంతా నవ్వుకుంది. కంప్యూటర్‌లో కొలిస్తే కర్రమీద ఒక మీటరు 400 పిక్సెళ్లు వచ్చింది. జంతువు పాదం నుంచి భుజం పైదాకా 160. ముక్కు నుంచి తోక మొదలు దాకా 340. తోక 192. కన్ను మెరుపు గీత 72. ఇప్పుడేమిటి?

చీకటికన్ను
ఇప్పుడు అంతా తేలిక. నాలుగు పిక్సెళ్లకు ఒక సెంటీమీటరు. భుజం ఎత్తు 40 సెంటీమీటర్లు, అంటే మోకాలికి కాస్త దిగువ. ఎదిగిన చిరుత భుజం అరవై, డెబ్భై దగ్గర ఉంటుంది. కర్ర మీటరు అటూ ఇటూ పడిందనుకున్నా 40 కాస్తా 47 అవుతుందేమో కానీ 60 కాదు. ఎదిగిన చిరుత కాదు, అంతవరకు గట్టిగా చెప్పగలను.

ఇక పొడవు. 340 అంటే 85 సెంటీమీటర్లు. కానీ జంతువు అడ్డంగా కదులుతోంది, కాబట్టి కదిలినంత మేరా బొమ్మ అడ్డంగా సాగింది. ఎంత సాగిందో చెప్పేది ఆ ట్యూబ్‌లైటు ముక్కే. కంటి మెరుపు ఒక చుక్క. అది గీత అయిందంటే, ఫొటో పడినంతసేపట్లో తల ఎంత దూరం జరిగిందో ఆ గీతే చెబుతుంది. 72 పిక్సెళ్లు, 18 సెంటీమీటర్లు. 85లోంచి 18 తీసేస్తే ఒంటి పొడవు 67. తోక 48లోంచి 18 తీసేస్తే 30.

నలభై ఎత్తు, అరవై ఏడు ఒళ్లు, ముప్పై తోక. ఇది అడవిపిల్లి కొలత. మా వైపు జంగుపిల్లి అంటారు. కాళ్లు పొడుగు, తోక పొట్టి. ఇంత ఎత్తున్న చిరుతపిల్లకైతే తోక ఒంటి పొడవులో సగం దాటి ఉంటుంది, 30తో ఆగదు.

అడవిబాట
ఆగండి. తోక ఒంటితో పాటే జరుగుతుందని ఎవరు చెప్పారు? తోక విడిగా కూడా ఊగుతుంది కదా. అప్పుడు 18 తీసేయడం తప్పు. ఇంకొకటి. 1/15 సెకనులో 18 సెంటీమీటర్లంటే సెకనుకు రెండున్నర మీటర్ల పైమాట. అది నడక కాదు, దుడుకు పరుగు. పిల్లి జాతి బాటమీద అలా పోదు, నింపాదిగా అడుగులేస్తుంది. అలా పోయేది నక్క. నక్కకూ ఎత్తు నలభై సెంటీమీటర్లే.

చీకటికన్ను
రెండూ సరైన ప్రశ్నలే. తోక కొలతను నేను గట్టిగా పట్టుకోను, మీరన్నట్టు అది విడిగా ఊగి ఉండవచ్చు. తల కూడా అంతే, ఆ క్షణంలో మొహం తిప్పుతూ ఉంటే గీత ఒళ్లు జరిగినదానికన్నా పొడుగవుతుంది. మీ వేగం లెక్క కూడా బాగుంది. ఫొటో ఒక్కటే ఉంటే నేనూ నక్కను పక్కన పెట్టేవాడిని కాను.

కానీ బొమ్మ సాగింది అడ్డంగానే. పైకీ కిందికీ ఉన్న కొలతలు చెడలేదు. తోకను దాని మందం కోసం చూడండి. నేలకు దాదాపు సమాంతరంగా చాపి ఉంది, మందం పదహారు పిక్సెళ్లు, అంటే నాలుగు సెంటీమీటర్లు. నక్క తోక కుచ్చులా ఉంటుంది, ఇంత సన్నగా గీత గీసినట్టు పడదు. చివర నల్లగా ఉండటం మాత్రం ఏమీ చెప్పదు, నక్కకూ అడవిపిల్లికీ రెండింటికీ కొస నలుపే. వలయాలు ఉన్నాయా అంటే, ఉన్నా ఈ వేగంలో చెరిగిపోతాయి. అలాగే ఒంటిమీద మచ్చలు కనిపించలేదు కాబట్టి చిరుత కాదని కూడా నేను అనడం లేదు. ఇన్‌ఫ్రారెడ్‌లో మచ్చలు మామూలుగా బాగానే పడతాయి. మలేసియాలో నల్ల చిరుతలను ఒక్కొక్కటిగా గుర్తుపట్టడానికి పరిశోధకులు కెమెరా వెలుతురు సెన్సరును మూసేసి పగలు కూడా ఇన్‌ఫ్రారెడ్‌లోనే ఫొటోలు తీయించారు, నల్ల ఒంటిమీద మచ్చలు బయటపడ్డాయి. కానీ కదిలే ఒంటిమీద, 1/15 దగ్గర ఏ మచ్చా నిలవదు.

రెండో ఫొటో చూద్దాం. అది ఎందుకు ఆగిందో నా ఊహ చెబుతాను. మీ కెమెరా దీపాలు 850 నానోమీటర్ల రకమైతే వెలిగేటప్పుడు మసక ఎర్రదనం కనిపిస్తుంది. అది చూసి తల తిప్పి ఉంటుంది. ఆగింది కాబట్టే కళ్లు గుండ్రంగా పడ్డాయి. బొమ్మ వెలుతురు కాస్త పెంచితే కళ్ల పైన రెండు చెవులు కనిపిస్తున్నాయి, నిటారుగా, కొసలు మొనదేలి. చిరుత చెవులు పొట్టిగా గుండ్రంగా, తలకు రెండు పక్కలా ఉంటాయి.

ప్రసూన_పశువైద్యం
వెలుతురు పెంచి నేనూ చూశాను. చెవులు నాకూ కనిపించాయి. కానీ నక్క చెవులూ నిటారుగా మొనదేలే ఉంటాయి కదా. సూటిగా ఎదురుగా చూస్తే దాని పొడుగు మూతి కూడా కనిపించదు, కుదించినట్టు ఉంటుంది. తోక మందం మీద నాకు నమ్మకం ఉంది. చెవుల మీద లేదు.

చీకటికన్ను
ఒప్పుకుంటాను. చెవులు చిరుతను తీసేయడానికే పనికొచ్చాయి, నక్కను తీసేయడానికి కాదు. అయినా నా ఓటు అడవిపిల్లికే.

తోట_గిద్దలూరు
అందరికీ ధన్యవాదాలు. కాపలా మనిషికి కర్ర ఫొటో చూపించి, మోకాలి దిగువ ఎత్తు అని చెప్పాను. కొంచెం ధైర్యం వచ్చింది. అయితే మరొకటి అడగాలి. అదే రాత్రి 3:52కు ఇంకొక ఫొటో ఉంది, IMG_0419.JPG. అంచులో సగం ఒళ్లే పడింది, వెనక భాగం. తల లేదు, కళ్లు లేవు. మొదట దీన్ని పట్టించుకోలేదు. కర్రతో చూస్తే వీపు 65 దాకా వస్తోంది, వెనక్కి పోయేకొద్దీ దిగుతోంది.

అడవిబాట
వాలుగా దిగే వీపా? దుమ్ములగొండి! మేకపిల్లలు ఎవరి పనో తేలిపోయింది.

చీకటికన్ను
అంత తొందరపడకండి. వాలు వీపు దుమ్ములగొండి గుర్తే, కాదనను. కానీ ఈ కెమెరా అయిదడుగుల ఎత్తు నుంచి కిందికి వంగి చూస్తోంది. అలాంటప్పుడు అంచుల్లో, వాలుగా నడిచి దూరమయ్యే ఏ జంతువుకైనా వెనక భాగం దిగినట్టు కనిపించవచ్చు. ఊరకుక్క కూడా 65కు దగ్గరగా ఉండవచ్చు. ఒంటిమీద చారలు కనిపిస్తే తేలేది కానీ, ఆ భాగం చెట్టు కొమ్మ నీడలో ఉంది. మెడ, జూలు ఫొటోలో లేవు.

తల ఎందుకు పడలేదో చెప్పగలను. 31 డిగ్రీల రాత్రి నేలకూ ఒంటికీ వేడి తేడా తక్కువ, వేడిని పసిగట్టి ఫొటో తీయించే సెన్సరు ఆలస్యంగా పట్టుకుంటుంది. పైగా బాట కెమెరాకు అడ్డంగా ఉంది, జంతువు రెండు అడుగుల్లో దాటిపోతుంది. కెమెరాను మోకాలి ఎత్తుకు దించి, బాట వెంబడి వాలుగా చూసేటట్టు తిప్పండి. మరీ దగ్గర పెట్టకండి, రెండు మీటర్లలోపు వస్తే ఒళ్లంతా తెల్లగా కాలిపోయినట్టు పడి చారలూ మచ్చలూ ఏవీ మిగలవు. బాట మీద నాలుగైదు మీటర్ల దూరం సరిపోతుంది. ఫొటోల సంఖ్య మూడు నుంచి అయిదుకు పెంచండి.

ప్రసూన_పశువైద్యం
మేకపిల్లల సంగతి ఈ రెండు ఫొటోలకు ముడిపెట్టకండి. బాటలో నడిచింది కాబట్టి అదే తిన్నదనలేం. ఈసారి పోతే వెంటనే చుట్టూ వెతికించండి. ఏది దొరికినా, గొంతు మీద గాట్లు, ఈడ్చిన జాడ, ముందు ఎక్కడి నుంచి తిన్నదో ఫొటో తీసి పెట్టుకోండి. అటవీశాఖ పరిహారం అడగాలన్నా అవి కావాలి.

డల్లాస్_రమణ
ఊరకుక్కలు గుంపుగా తిరుగుతున్నాయా అని కూడా చూడండి. మా నాన్నగారి ఊళ్లో చిరుత అనుకుని నెల రోజులు భయపడ్డారు, చివరికి కుక్కలు.

తోట_గిద్దలూరు
నాలుగు రాత్రుల తర్వాత రాస్తున్నాను. కెమెరా దించాను, వాలుగా తిప్పాను, తేదీ కూడా సరిచేశాను. పడినవి: కుందేలు మూడుసార్లు, మా కుక్క రెండుసార్లు, లెన్సు ముందు పురుగు ఎగిరి పూర్ణచంద్రుడిలా పడిన ఫొటోలు పదకొండు. నిన్న తెల్లవారుజామున అదే బండ పక్కన సన్న తోక, పొడుగు కాళ్లు, నిటారు చెవులతో ఒకటి నిలబడి ఉంది. కర్ర అక్కడే పాతి ఉంచాను కాబట్టి కొలత పక్కనే ఉంది, భుజం నాలుగో టేపు దగ్గర. ముంజేతుల మీద అడ్డచారలు రెండు కూడా పడ్డాయి.

చీకటికన్ను
అడవిపిల్లే. ఇప్పుడు ఓటు అక్కర్లేదు.

అడవిబాట
ఇది అడవిపిల్లే, ఒప్పుకున్నాను. 2:14కు వచ్చింది ఇదేనని ఎవరు చెప్పారు?

తోట_గిద్దలూరు
మా ఆవిడ కూడా అదే అడిగింది. 3:52 వాడు మాత్రం మళ్లీ రాలేదు. కర్ర అలాగే ఉంచుతున్నాను.